మాటల్లేని పాట ఏం చెబుతుంది?

వీణ మీద త్యాగరాజ కృతి వింటూ "అబ్బ, ఎంత ఆర్తి!" అంటాం. ఆ ఆర్తి తీగెలదా, మనకు ముందే తెలిసిన సాహిత్యానిదా?

వియన్నా విమర్శకుడు ఎడువర్డ్ హాన్‌స్లిక్ 1854లో వేసిన పుస్తకంలో ఇలాంటి ప్రశ్నే పట్టుకున్నాడు. గ్లుక్ ఆపెరాలో భార్యను పోగొట్టుకున్న ఆర్ఫియస్ పాడే పాట ఆ రోజుల్లో కన్నీళ్ళు పెట్టించేది. "ఆమె పోయింది" అన్నచోట "ఆమె దొరికింది" అని పెట్టి అదే వరసలో పాడినా చక్కగా అతుకుతుందన్నాడు ఆయన. దుఃఖమంటే ఎవరికోసమో, ఎందుకో ఉండాలి కదా! స్వరం ఆ సంగతి చెప్పలేదు. అది చూపగలిగింది కదలిక ఒక్కటే: వేగం, నెమ్మది, పెరగడం, తగ్గడం.

ఇక్కడిదాకా నేనూ ఒప్పుకుంటాను. కానీ కదలికకూ ఒక ముఖం ఉంటుంది. అమెరికా తాత్వికుడు పీటర్ కివీ 1980లో ఇందుకు సెయింట్ బెర్నార్డ్ కుక్కను చూపించాడు. దాని మొహం ఎప్పుడూ దిగులుగానే కనిపిస్తుంది. పాపం, దానికి ఏ దిగులూ లేకపోవచ్చు. సంగీతంలో విషాదమూ అలాంటిదేనట. కుంగిన మనిషి నడకా, గొంతూ అందులో పోలికగా తోస్తాయి.

దీన్ని తేల్చుకోవడానికి కృతి పనికిరాదు, తానం వినాలి. అందులో గుర్తుకు రావడానికి సాహిత్యమే లేదు. అయినా ఒకచోట ఉరకలు వేస్తోందనీ, మరోచోట బరువెక్కిందనీ సంగీతం రాని చెవికీ తెలుస్తుంది. ఎవరిని తలుచుకుని బరువెక్కిందో మాత్రం వీణ చెప్పదు.