చెంచా వీపు మీద నీటిధార

పక్కింటి అమ్మాయి ఎనిమిదో తరగతి. బళ్ళో సైన్స్ ఎగ్జిబిషన్ ఉందని చార్టు గీసి ఈ వారం నాకు తెచ్చి చూపించింది. కుళాయి నుంచి సన్నటి ధార, దానికి తగిలీ తగలనట్టు చెంచా వీపు. నీళ్ళు నిటారుగా పడకుండా ఆ వంపు వెంట తిరిగి పక్కకి పోతున్నాయి. పైన పెద్ద అక్షరాలతో ‘కొవాండా ప్రభావం’. బొమ్మ ముచ్చటగా ఉంది. కింద రాసిన కారణం చదివాకే నాకు చిర్రెత్తింది: ధార చుట్టూ ఉన్న గాలిని లాక్కుపోతుందట, చెంచా వైపు గాలి తగ్గిపోయి నీరు అటు అతుక్కుంటుందట.

ఆ కారణం గాలికి సరిపోతుంది. రుమేనియా ఇంజనీరు హెన్రీ కొవాండా 1934లో పేటెంటు తీసుకున్నది గాలిలోకి చిమ్మే వాయుధార గురించి. ఆ ధార ఇరువైపులా ఉన్న గాలిని వెంట ఈడ్చుకుపోతుంది. ఒక పక్క గోడ ఉంటే, పోయిన గాలి స్థానంలోకి కొత్త గాలి తేలిగ్గా రాలేదు. అక్కడ ఒత్తిడి తగ్గి ధార గోడకేసి వంగుతుంది. గుండ్రటి సీసా వెనక కొవ్వొత్తి పెట్టి ఇవతల నుంచి ఊదితే ఆరిపోయేది అందుకే. నీరు గాలికి 800 రెట్లు బరువు. అది ఈడ్చుకుపోయే కాస్త గాలికి దాన్ని పక్కకి వంచే సత్తా ఎక్కడిది?

ఈ కాలమ్ చదివేవాళ్ళకి గుండ్రటి అంచు గిన్నెల మీద నా పాత కక్ష తెలుసు. గ్లాసులోకి వంచిన పాలలో సగం గిన్నె పొట్ట వెంట కారి గట్టు మీదికి పోతాయి. మా అమ్మమ్మ పాలు పోసే ముందు గిన్నె అంచు కింద వేలితో నెయ్యి రాసేది. ‘జిడ్డుకి పాలు అంటవురా’ అనేది. ఆ వైద్యం సరైనదే. నీటిని అంటనివ్వని పూత టీపాట్ కొమ్ముకి వేస్తే కారడం ఆగిపోతుందని 2010లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు చూపించారు. చెంచాది కూడా అదే కథ: నీరు లోహాన్ని తడిపి అంటుకుంటుంది, అంతే. కొవాండా పేరు కొట్టెయ్యమ్మా అని చెబుదామనుకుని, ఎందుకైనా మంచిదని కాగితం మీద లెక్క వేశాను.

లీటరు చెంబు 20 సెకన్లలో నిండే ధార అనుకుందాం. కుళాయికి అయిదారు సెంటీమీటర్ల దిగువన దాని వేగం సెకనుకి సుమారు మీటరు. చెంచా వీపు మీద అది రెండు మిల్లీమీటర్ల మందాన పరుచుకుందనీ, ఆ వంపు వ్యాసార్ధం రెండు సెంటీమీటర్లనీ అనుకుందాం. నీరు ఆ వంపు తిరగాలంటే బయటి ఒత్తిడి కన్నా చెంచా పక్క ఒత్తిడి 100 పాస్కల్‌లు తక్కువుండాలి. అంటే వాతావరణ పీడనంలో వెయ్యో వంతు. నీటి పైపొర బిగుతు ఆ వంపు దగ్గర ఇచ్చేది నాలుగు పాస్కల్‌లకి లోపే. అంటుకోవడం ఒక్కటే ధారని తిప్పలేదన్నమాట. తిప్పేది బయటి నుంచి నొక్కే గాలే. టీపాట్ కొమ్ము విషయంలో జోసెఫ్ కెల్లర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు 1957లోనే ఈ మాట చెప్పాడు. ఆ కొమ్ము పరిశోధనకి 1999లో ఆయన సహచరుడు వాండెన్ బ్రోక్‌కి ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వుకోవడానికి; అప్పుడు మరిచిపోయిన కెల్లర్‌కి 2012లో ఇచ్చారు.

మరి అమ్మమ్మ నెయ్యి ఎందుకు పనిచేసింది? ఆ తక్కువ ఒత్తిడి నిలవాలంటే నీటికీ లోహానికీ మధ్యకి గాలి దూరకూడదు. తడి ఆ తలుపు మూసి ఉంచుతుంది, జిడ్డు దాన్ని కాస్త తెరుస్తుంది. వాయుధార దగ్గర తలుపు మూసే పని ఈడ్చుకుపోవడానిది. నీటిధార దగ్గర తడిది. తలుపు మూసుకున్నాక రెండు చోట్లా ధారని వంచేది బయటి ఒత్తిడే. కాబట్టి చార్టు మీద శీర్షిక ఉండొచ్చు, కింద కారణం మాత్రం మార్చమన్నాను.

ధార చెంచా వైపు వంగితే చెంచా కూడా ధార వైపు లాగబడాలి. పై ధార 45 డిగ్రీలు మళ్ళితే ఆ లాగుడు మూడున్నర గ్రాముల బరువంత. కాడ కొసని రెండు వేళ్ళ మధ్య వదులుగా పట్టుకుంటే చెంచా నీళ్ళలోకి జరగడం కళ్ళకే కనిపిస్తుంది.

ఇక గిన్నెల సంగతి. వేగం సగమైతే కావలసిన ఒత్తిడి తేడా నాలుగో వంతు చాలు. నెమ్మదిగా వంచినప్పుడే పాలు కారేది అందుకే. అంచు పదునైన కొద్దీ ఆ తేడా పెరిగి, నీరు తిరగలేక విడిపోతుంది. గిన్నె కొనేముందు కొట్లోనే నీళ్ళు నింపి, మెల్లగా వంచి చూడండి. పొట్ట వెంట కారితే ఆ గిన్నె వద్దనండి.