దినాలయ్యాక పంపే సందేశం

బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఇళ్లలో మాట తెలుగు, బడిలో నేర్చిన రాత కన్నడ. అందుకే ఫోన్లో తెలుగు మాటల్ని కన్నడ అక్షరాల్లో రాసుకునేవాళ్లు ఎందరో. మా వీధి టీచరమ్మ కూడా అంతే. ఆమె రాసే పరామర్శంటే నాకు గౌరవం.

చావు కబురు అందిన పూట ఆమె పంపేది ఒక్క మాటే: "బయల్దేరినా అక్కా." ఆ గందరగోళంలో అంతకుమించి ఎవరు చదువుతారు? పెద్ద సందేశం దినాలయ్యాక, చుట్టాలు వెళ్లిపోయి ఇల్లు బోసిపోయినప్పుడు పంపుతుంది.

టమాట మండీకి సరుకు తోలే ఒక మామ పోయినాక ఇలా రాసింది: "అక్కా, మావాడి ఫీజుకు మామ అడక్కుండానే డబ్బిచ్చినాడు. తిరిగి ఇయ్యబోతే, పంట రానీలే అన్నాడు. వాడిప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. శుక్రవారం సాయంత్రం వస్తా, బ్యాంకు కాగితాలు కలిసి చూద్దాం. జవాబు రాయొద్దు."

"మంచి మనిషి" అని ఎవరైనా రాస్తారు. ఆ ఫీజు సంగతి మాత్రం అక్కకు కొత్త. పోయిన మనిషి గురించి ఇంకొక విషయం ఆమెకు దక్కింది. వాట్సాప్ పొడుగు సందేశాన్ని మధ్యలో మడిచేస్తుంది కాబట్టి జ్ఞాపకం మొదటి వరుసల్లోనే వచ్చేస్తుంది. "ఏమైనా కావాలంటే చెప్పు" అంటే అడిగే భారం దుఃఖంలో ఉన్నవాళ్ల మీదే పడుతుంది. ఏ పనికి, ఏ రోజు వస్తామో మనమే చెబితే పడదు. తన ఇంటి చావుల కథ టీచరమ్మ ఎత్తదు, పరామర్శను గ్రూపులో అసలే పెట్టదు.

మీకు తెలిసిన ఇంట్లో ఈమధ్యే దినాలు జరిగి ఉంటే, ఈ వారమే రాయండి.