జాతకంలో శక సంవత్సరం

“శాలివాహన శకవర్షంబులు ౧౮౪౯ అగునేటి ప్రభవ నామ సంవత్సర మాఘ బహుళ చతుర్దశీ భానువాసరం, శ్రవణా నక్షత్రం, సూర్యోదయాది గత ఘటికలు 50.” మా మేనత్త జాతకంలో మొదటి వాక్యం ఇది. ఇంట్లో అందరూ ఆవిడ 1927లో పుట్టిందనే అనుకునేవారు. పెన్షన్ కాగితాల్లోనూ అదే ఉంది. ఎవరో 1849కి 78 కలిపి చెప్పారు, అది అలాగే నిలిచిపోయింది.

78 కలపడం తప్పు కాదు. కానీ కలిపే ముందు మాసం చూడాలి. శక సంవత్సరం ఉగాదితో మొదలై మళ్లీ ఉగాదికి ముందు రోజుతో ముగుస్తుంది. మధ్యలో ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. శకం 1849 నడిచింది 1927 ఏప్రిల్ 3 నుంచి 1928 మార్చి 21 దాకా. చైత్రం నుంచి మార్గశిరం దాకా పుట్టినవారికి సాధారణంగా 78 కలిపితే సరిపోతుంది. మాఘ ఫాల్గుణాల్లో పుట్టినవారికి 79 కలపాలి. మధ్యలో ఉన్న పుష్యమే చిక్కు. ఒక్కో ఏడాది అది డిసెంబరులోనే మొదలై జనవరిలోకి సాగుతుంది. అప్పుడు తిథి చూసుకోనిదే ఏది కలపాలో తేలదు. మా మేనత్తది మాఘం కాబట్టి 1849, 79 కలిపి 1928 అని తేల్చాను.

అక్కడితో ఆగిపోతే అది ఒక కూడిక మాత్రమే. పాత జాతకం రాసినవారు అంకె ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. సంవత్సరానికి పేరు, తిథి, వారం, నక్షత్రం కూడా రాశారు. ఒకటి చెరిగినా, ఒకటి తప్పినా మిగిలినవి పట్టిస్తాయి. అందుకే ఎవరైనా జాతకం తెచ్చి ఏ సంవత్సరమో చెప్పమంటే, అంకె ఒక్కటే చెబితే చాలదని, మొదటి వాక్యమంతా చదవమని అడుగుతాను.

ముందుగా పేరు. శకానికి 12 కలిపి 60తో భాగిస్తే వచ్చే శేషం ప్రభవ మొదలుకొని ఎన్నో సంవత్సరమో చెబుతుంది. శేషం సున్నా వస్తే అక్షయ. 1849కి 12 కలిపితే 1861, శేషం 1, అంటే ప్రభవ. జాతకంలోనూ ప్రభవే ఉంది. ఈ పరీక్ష రెండు పొరపాట్లను పట్టుకుంటుంది. మొదటిది అంకె చదవడంలో వచ్చేది. మాసిపోయిన సిరాలో తెలుగు ౯ని ౬ అనుకోవడం తేలిక. 1846 అనుకుని లెక్క వేస్తే శేషం 58, రక్తాక్షి వస్తుంది, ప్రభవతో కుదరదు. రెండోది రాసినవారి పద్ధతి వల్ల వచ్చేది. మన పంచాంగాలు మామూలుగా గడిచిన శక సంవత్సరాలను లెక్కిస్తాయి. అరుదుగా ఎవరైనా నడుస్తున్న సంవత్సరాన్ని వేస్తే అంకె ఒకటి పెరుగుతుంది. 1850 అని ఉండి పక్కన ప్రభవ అనే ఉంటే, పేరునే నమ్మాలి. దస్తూరీ జారినా, లెక్కపద్ధతి మారినా, ఆ ఏడాదంతా ఊళ్లో అందరూ పలికిన పేరు రాసేవారు తప్పడం అరుదు.

తరువాత వారం. 1928లో మాఘ బహుళ చతుర్దశి రాత్రి, అంటే మహాశివరాత్రి, ఫిబ్రవరి 19న వచ్చింది. ఆ రోజు ఆదివారం. చంద్రుడు శ్రవణంలో ఉన్నాడు. జాతకం చెబుతున్నదీ అదే. ఇంట్లోవాళ్లు అనుకున్న 1927లో అదే తిథి మార్చి మొదట్లో మంగళ, బుధవారాల్లో వచ్చింది. ఆదివారం దరిదాపుల్లో లేదు.

ఇంకొక్క అడుగు ఉంది. గత ఘటికలు 50 అన్నారు. ఘడియకు 24 నిమిషాల చొప్పున అది ఇరవై గంటలు. ఉదయం సుమారు ఆరున్నరకు సూర్యోదయం అనుకుంటే, పుట్టిన సమయం రాత్రి రెండున్నర. పంచాంగంలో వారం సూర్యోదయంతోనే మారుతుంది కాబట్టి అప్పటికింకా భానువాసరమే. ఇంగ్లీషు తేదీ మాత్రం అర్ధరాత్రే మారిపోయింది. మా మేనత్త పుట్టింది 1928 ఫిబ్రవరి 20, సోమవారం తెల్లవారుజామున. తేదీకి, జాతకంలోని వారానికి ఇలా ఒక రోజు తేడా వస్తే కంగారుపడి సంవత్సరం మార్చేయకూడదు. ముందు ఘడియలు చూడాలి.

అయితే వారాన్ని మరీ నమ్ముకోకూడదు. వరుసగా రెండేళ్లలో ఒకే తిథికి మధ్య సుమారు 354 రోజులుంటాయి, వారం నాలుగైదు రోజులు జరుగుతుంది, తేడా తెలిసిపోతుంది. మధ్యలో అధిక మాసం వస్తే ఆ దూరం 384 రోజులవుతుంది, వారం ఒక్క రోజే వెనక్కి వెళుతుంది. 1928లో అధిక శ్రావణం వచ్చింది. అందువల్ల 1929లో శివరాత్రి మార్చి 9, శనివారం. ఆ చతుర్దశి ఆదివారం పగలు కూడా కొంతసేపు ఉంది. ఘడియలు రాయని జాతకమైతే 1928కి, 1929కి మధ్య వారం తీర్పు చెప్పలేదు. నక్షత్రం కొంత తోడు వచ్చినా, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేం. ఒకే మాసం, ఒకే తిథి అయితే చంద్రుడు ఏటా ఇంచుమించు అక్కడక్కడే ఉంటాడు.

అప్పుడు రాశిచక్రంలోకి దిగాలి. ఏడాది తేడా తేల్చడానికి గురువును మించిన ఆధారం లేదు, ఎందుకంటే ఆయన ఏడాదికి సుమారు ఒక రాశి నడుస్తాడు. 1927 శివరాత్రికి గురువు కుంభంలో ఉన్నాడు, 1928 శివరాత్రికి మీనంలో. మా మేనత్త చక్రంలో గురువు మీనంలోనే ఉన్నాడు. శని ఒక్కో రాశిలో రెండున్నరేళ్లు ఉంటాడు కాబట్టి ఈ పనికి అంతగా అక్కరకు రాడు.

ఇప్పుడు చాలామంది శకం అనగానే ఫోనులో వెతికి, వచ్చిన తేదీని రాసుకుంటున్నారు. అక్కడ తరచూ లెక్కలోకి వచ్చేది భారత జాతీయ పంచాంగం. 1957 మార్చి 22న అమల్లోకి వచ్చిన ఆ పంచాంగంలో శకం అంకె మనదే, మాసాల పేర్లూ మనవే. కానీ మాసాలు సూర్యుణ్ని బట్టి నడుస్తాయి, ఏడాది మార్చి 22న, లీపు సంవత్సరమైతే 21న మొదలవుతుంది. అందులో బహుళ చతుర్దశి అనే మాటే లేదు. జాతకంలోని చాంద్రమాన మాఘాన్ని ఆ మాఘంలో వేస్తే వచ్చే తేదీకి పుట్టినరోజుతో సంబంధం ఉండదు.

అన్నిటికన్నా కష్టమైన జాతకం శకం అంకె చిరిగిపోయి, ప్రభవ అన్న పేరు మాత్రం మిగిలినది. 1867, 1927, 1987 మూడూ ప్రభవలే. తరాన్ని బట్టి ఇంట్లోవాళ్లు చెప్పగలిగితే సరే. కొన్నిసార్లు తాతగారిదో, ఆయన పేరే పెట్టుకున్న మనవడిదో కూడా తెలియని కాగితం వస్తుంది. అక్కడ గురువు, శని ఇద్దరూ చేతులెత్తేస్తారు. అరవై ఏళ్లలో గురువు ఐదు చుట్లు, శని రెండు చుట్లు దాదాపుగా పూర్తిచేసి ఇంచుమించు పాత చోటికే వస్తారు. రాహువు అలా రాడు. వెనక్కి నడిచే ఆయనకు ఒక చుట్టుకు పద్దెనిమిదిన్నరేళ్లకు కొంచెం ఎక్కువ పడుతుంది. అరవై ఏళ్లలో మూడు చుట్లు తిరిగి, ఇంకా 80 డిగ్రీలు, అంటే దాదాపు మూడు రాశులు జరిగిపోతాడు. 1928 శివరాత్రికి రాహువు వృషభంలో ఉన్నాడు. 1868 శివరాత్రికి సింహంలో ఉన్నాడు. కాబట్టి చిరిగిన కాగితంలో నేను మొదట వెతికేది “రా” అన్న అక్షరం ఏ గడిలో ఉందో.