పూర్వపరిశోధన సమీక్ష: పట్టిక, సమన్వయం – తొలి తెలుగు కథ చర్చ ఆధారంగా పరిశీలన

తెలుగు సిద్ధాంతగ్రంథాలలో ‘పూర్వపరిశోధనలు’ అనే భాగం తరచుగా ఒక పరిమితమైన అవసరం నుండి పుడుతుంది. ఎంచుకున్న అంశంపై అంతకుముందు పరిశోధన జరగలేదని చూపడమే ఆ అవసరం. అందుకు పరిశోధకుల పేర్లు, గ్రంథాల శీర్షికలు, విశ్వవిద్యాలయాలు, సంవత్సరాలు సరిపోతాయి. అయితే ఆ సమాచారం ‘ఎవరు చేశారు?’ అన్న ప్రశ్నకే సమాధానం. ‘ఏది తేలింది, ఏది తేలలేదు?’ అన్న ప్రశ్నకు సమాధానం చెప్పినప్పుడే అది సమీక్ష అవుతుంది. ఈ భేదాన్ని తొలి తెలుగు కథ చర్చ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

చర్చకు మూలమైన విషయాలు సుపరిచితాలే. గురజాడ అప్పారావు ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడింది. దానిని తొలి ఆధునిక తెలుగు కథగా పరిగణించే సంప్రదాయం చాలాకాలం నిలిచింది. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూ సుందరి’లో అచ్చయిందన్న సంగతి చర్చలోకి వచ్చాక ఆ నిర్ణయం వివాదాస్పదమయింది.

పట్టిక తరహా సమీక్ష ఈ చర్చను ఈ విధంగా నమోదు చేస్తుంది: ‘ఒక విమర్శకుడు దిద్దుబాటును తొలి కథగా పేర్కొన్నారు. మరొక పరిశోధకుడు ధనత్రయోదశిని తొలి కథగా నిరూపించారు. వేరొకరు దిద్దుబాటు భాషను ప్రశంసించారు.’ ఇందులో ఒక్క వాక్యమూ తప్పు కాకపోవచ్చు. కానీ మొదటి రెండు వాక్యాలు పరస్పర విరుద్ధాలా, కావా అన్నది పాఠకునికి తెలియదు. మూడవ వాక్యానికి ఆ రెండింటితో గల సంబంధం అసలే తెలియదు.

సమన్వయం ఇక్కడినుండే మొదలవుతుంది. ధనత్రయోదశి వాదానికి ఆధారం ప్రచురణ కాలం. దిద్దుబాటు వాదానికి ఆధారం ‘ఆధునిక’ అనే విశేషణం. అంటే కథనశిల్పం, వ్యావహారిక భాష. మొదటిది పాత పత్రికల అన్వేషణతో తేలే విషయం. రెండవది పాఠవిశ్లేషణతో తేలవలసినది. కనుక 1902 అనే తేదీ ఒక్కటే రెండవ వాదాన్ని ఖండించలేదు. దానిని ఖండించాలంటే ఆధునికతా లక్షణాలు ధనత్రయోదశిలోనూ ఉన్నాయని చూపాలి. లేదా ఆ లక్షణాల ఎంపికనే ప్రశ్నించాలి. అదేవిధంగా, శిల్పం పేరు చెప్పి కాలక్రమంలో అచ్చమాంబకు గల స్థానాన్ని తొలగించడం సాధ్యం కాదు. దిద్దుబాటు భాషపై వచ్చిన ప్రశంస కూడా ఈ దృష్టితో చూస్తే విడి అభిప్రాయంగా మిగలదు. రెండవ వాదానికి ఉపపత్తి అవుతుంది. వ్యావహారిక భాష కథాప్రక్రియకు అనివార్య లక్షణమా, ఆ కాలపు భాషోద్యమం నుండి వచ్చిన విలువా అన్న తేలని ప్రశ్న అప్పుడు బయటపడుతుంది. కొత్త పరిశోధనకు చోటు అక్కడ ఉంది.

ఈ భేదాన్ని గుర్తించడానికి రెండు పరీక్షలు ఉపకరిస్తాయి. మొదటిది క్రమపరీక్ష: సమీక్షలోని పేరాల వరుసను మార్చినా అర్థానికి లోపం రాకపోతే అది పట్టికే. పై మూడు వాక్యాలను ఏ వరుసలోనైనా చదువవచ్చు. సమన్వయ పేరాలో అది కుదరదు. రెండవది లోపపరీక్ష: ఒక ఆధారాన్ని తొలగించినప్పుడు వాదంలో ఏది కూలుతుందో చెప్పగలగాలి. ధనత్రయోదశి ప్రచురణ వివరాన్ని తీసివేస్తే కాలప్రమాణమే ఆధారం కోల్పోతుంది. పట్టికలోనైతే ఒక పేరు తగ్గుతుంది, అంతే.

బాహ్యరూపం మాత్రం నమ్మదగిన గుర్తు కాదు. కాలక్రమంలో సాగిన సమీక్ష అంతా పట్టిక కాదు. కొత్త ఆధారం వెలుగుచూసినప్పుడల్లా నిర్ణయం ఎలా మారిందో చూపడానికి కాలక్రమమే సరైన పద్ధతి. మరోవైపు ‘భాష’, ‘శిల్పం’, ‘స్త్రీ దృక్పథం’ అని ఉపశీర్షికలు పెట్టి, ఒక్కొక్కదాని కింద పేర్లను వరుసగా పేర్చితే పట్టిక మూడు ముక్కలవుతుంది కాని సమన్వయం కాదు.

ఇంతకంటె ప్రమాదకరమైనది కృత్రిమ సమన్వయం. ‘పలువురు విమర్శకులు ధనత్రయోదశిని తొలి కథగా అంగీకరించారు’ అన్న వాక్యం పై రెండు పరీక్షలనూ దాటిపోగలదు. కాని ఆ పలువురిలో ఒకరు కాలదృష్టితో మాత్రమే అంగీకరించి, మరొకరు కథాలక్షణాల దృష్టితో అంగీకరించి ఉంటే, ఆ ఏకాభిప్రాయం సమీక్షకుని సృష్టి. దీనిని వాక్యనిర్మాణం పట్టి కనిపెట్టలేము. ఉదాహరించిన ఆధారాలలో రెండింటినైనా మూలంలో చదివి, ‘తొలి’, ‘కథ’ అన్న పదాలను అవి ఏ అర్థంలో వాడాయో సరిచూడవలసిందే. సిద్ధాంతగ్రంథ పరీక్షకుడు పేర్ల సంఖ్యను లెక్కించడం కంటె ఈ సరిచూపుకు సమయం కేటాయించడం సముచితం. సమీక్ష విలువ అది ఎన్ని గ్రంథాలను పేర్కొన్నదన్న దానిలో లేదు. ఆ గ్రంథాల మధ్యగల భేదం దేనివల్ల వచ్చిందో నిర్ధారించడంలో ఉంది.