డబ్బా లెక్క, బండి లెక్క

ఇటీవల ఒక సాహిత్య గోష్ఠిలో ఒక యువ రచయిత తన అముద్రిత కథ చదివాడు. తెనాలిలో మోటారు సైకిలు మీద హోటలు భోజనాలు ఇంటింటికీ డెలివరీ చేసే కుర్రవాడు, డిగ్రీ చదివే చెల్లెలి పరీక్ష ఫీజు కోసం రోజూ సాయంత్రం ఒక డబ్బాలో 120 రూపాయలు వేస్తాడు. కాలేజీ పాత బకాయితో సహా కట్టవలసింది 4,200. బకాయి తీరనిదే హాల్ టిక్కెట్టు ఇవ్వరు. ముప్పై ఐదో సాయంత్రానికి డబ్బు సమకూరుతుంది, టిక్కెట్టు చేతికొస్తుంది, కథ ముగుస్తుంది. శ్రోతల కళ్లు చెమర్చాయి. నా కళ్లూ చెమర్చాయి. అయినా ఒక ప్రశ్న వేయక తప్పదు: ఆ 120 రూపాయలు ఎక్కడివి?

రచయిత చెప్పిన అంకెలనే తీసుకుందాం. రోజు రాబడి 640. పెట్రోలుకు 220. ఇంటి ఖర్చుకు 300. మిగిలింది 120. లెక్క సరిపోయింది. కాని బండిని వాయిదాల మీద కొన్నాడనీ, నెలకు 3,000 కట్టాలనీ మొదటి పేజీలో వ్రాసి, రచయిత తరువాత మరచిపోయాడు. అంటే రోజుకు 100. ఆయిలుకు, టైరు అరుగుదలకు తక్కువలో తక్కువ 20 వేసుకోండి. సరిగ్గా 120!

కనుక కుర్రవాడు ఆదా చేసింది తన మిగులు కాదు, బండికి చెల్లవలసిన బాకీ. చెల్లెలి పరీక్ష సాగే రోజుల్లోనే వాయిదా తప్పుతుంది; అరిగిన టైరు ఎక్కడో మొరాయిస్తుంది; అప్పిచ్చినవాళ్లు బండి కోసం గుమ్మంలో నిలబడతారు. బండి పోతే 640 కూడా పోతుంది. రచయిత దీన్ని త్యాగం అన్నాడు. నిజానికి ఇది పనిముట్టును తినివేసి బ్రతకడం.

1948లో డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్' చిత్రంలో సైకిలు లేనిదే నాయకుడికి ఉద్యోగం లేదు. కుదువలో ఉన్న ఆ సైకిలును విడిపించడానికి భార్య ఇంట్లోని దుప్పట్లు కుదువ పెడుతుంది. పనిముట్టు ఎవరి నెత్తిన పడిందో డి సికా మొదటే చూపించాడు. అందుకే ఆ తరువాతి దొంగతనం మనల్ని అంతగా కలచివేస్తుంది. మన దేశంలో 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కూడా ఇటువంటి పనిని సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి వెలుపలిదిగానే నిర్వచించింది. కంపెనీ ఆర్డరు ఇస్తుంది. బండి, పెట్రోలు, అరుగుదల కుర్రవాడివి.

కథ చివర జెండా ఎగరవేయమని నేను కోరడం లేదు. అన్న ప్రేమను తగ్గించమనీ అనడం లేదు. రచయితకు శక్తి ఉంది: చెల్లెలు నిద్ర నటిస్తూ డబ్బాలో నోటు పడే చప్పుడు వినే ఘట్టం ఎవరైనా వ్రాయగలిగింది కాదు. ఆ డబ్బా పక్కనే వాయిదా కాగితాన్ని కూడా పెట్టమంటున్నాను. హాల్ టిక్కెట్టు, ఆ కాగితం ఒకే వారంలో ఇంటికి వస్తే, పాఠకుడు కన్నీరు తుడుచుకుని లెక్క అడుగుతాడు.