చిన్న కళ్ళకు కాటుక ఎక్కడ ఆపాలి

మా కొత్తచెరువు వైపు శెనక్కాయ చేను గట్టున నాలుగు ఆముదం చెట్లుంటే ఇంటిల్లిపాదికీ కాటుక దొరికినట్టే. అవ్వ ప్రమిదలో ఆముదం పోసి, నూలుగుడ్డ ఒత్తి వేసి, అటూ ఇటూ ఇటుకలు పెట్టి, వాటి మీద ఇత్తడి పళ్ళెం బోర్లించేది. మంట కొస పళ్ళేనికి తగిలీ తగలనట్టు ఉండాలి. మరీ కిందికి దించితే దీపం ఆరిపోతుంది, ఎత్తు పెంచితే మసి గాలికి పోతుంది. తెల్లారేసరికి పట్టిన మసిని గీకి, చుక్క నెయ్యి వేసి మెదిపి భరిణెలో పెట్టేది.

ఆ కాటుక అవ్వకు నప్పేది. ఆమెవి చారెడేసి కళ్ళు. మా మేనకోడలివి చిన్నవి, నవ్విందంటే గీతలే. నిశ్చితార్థం రోజున అది అవ్వ లెక్కనే ముక్కు పక్క మూల నుంచి చెవి వైపు కొన దాకా రెప్ప లోపలి తడి అంచంతా నల్లగా నింపేసింది. పై రెప్పకూ మందంగా గీసి, రెండు గీతల్నీ రెండు కొనల్లోనూ కలిపేసింది. ఫోటోలు చూసుకుని, "అత్తా, నిద్రమొహంతో ఉండానే" అంది.

తప్పు కాటుకది కాదు, చోటుది. కింది రెప్ప వెంట్రుకలకూ కంటి తెల్లగుడ్డుకూ మధ్య సన్నటి తడి అంచు ఉంటుంది. దాన్నే ఇప్పుడు వాటర్‌లైన్ అంటున్నారు. లేత గులాబీ రంగులో ఉండే ఆ అంచును దూరం నుంచి చూసేవాళ్ళు కంటి తెలుపులో భాగంగానే లెక్కేసుకుంటారు. దాన్ని నలుపు చేశామంటే కంటి నుంచి ఆ మేరకు కోసేసినట్టే. చారెడు కంటికి ఆ నష్టం తెలియదు, చిన్న కంటికి అదే పెద్ద వాటా. పైగా గీతలు రెండు మూలల్లోనూ కలిస్తే కన్ను చుట్టూ కంచె వేసినట్టవుతుంది.

పెళ్ళికి పది రోజుల ముందు దాన్ని వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టాను. ఎడమ కన్ను పాత పద్ధతిలోనే ఉంచాం. కుడి కంటికి కింది తడి అంచు మీద నలుపు అసలు పెట్టలేదు, చర్మం కంటే ఒక ఛాయ లేతగా ఉన్న పెన్సిల్ ఒక్కసారి తిప్పాం. పాలతెలుపు పెన్సిల్ వద్దు, మన చామనఛాయ మీద అది సున్నం కొట్టినట్టు విడిగా కనబడుతుంది. కాటుకను వెంట్రుకల కిందికి దించాం. కంటి పొడవును మూడు పాళ్ళు చేస్తే, చెవి వైపు ఒక్క పాలులోనే సన్నగా పెట్టి, దూదిపుల్లతో పొగలా చెదరగొట్టాం. ముక్కు వైపు మూల ఖాళీ.

పై రెప్పకు గీత వెంట్రుకల మొదళ్ళ మధ్యే చుక్కలు చుక్కలుగా పడాలి. అలా చేస్తే వెంట్రుకలు ఒత్తుగా కనిపిస్తాయి, రెప్ప మీది చోటు మాత్రం గీత తినెయ్యదు. చివర వడ్లగింజంత తోక బయటికి, కాస్త పైకి లాగాం. ఆ తోకనూ కింది గీతనూ కలపలేదు. ఆ సందే కంటిని పొడుగు చేస్తుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు. మన జిల్లాలోనే లేపాక్షి గుడి పైకప్పున 16వ శతాబ్దపు బొమ్మల్ని తల ఎత్తి చూడండి, వాటి కళ్ళు చెవుల వైపు సాగి ఉంటాయి. కాటుక తోకదీ అదే లెక్క.

అద్దానికి ముక్కు ఆనించి చూస్తే తేడా తెలియదు. నాలుగడుగులు వెనక్కి వేసి చూడాలి.

మా ఎండకు ఇంకో చిక్కుంది. నెయ్యి కాటుక మధ్యాహ్నానికి కరిగి కళ్ళ కింద చారలు కడుతుంది, ఆ నీడలో చిన్న కన్ను ఇంకా లోపలికి పోతుంది. అందుకని కాటుక పెట్టేముందు కింది రెప్ప జిడ్డు తుడిచి, పెట్టాక దాని మీద అదే రంగు పొడి అద్దాలి. అయినా మూడు నాలుగు గంటలకోసారి తుడుచుకోక తప్పదు. తడి అంచును వదిలెయ్యడానికి మరో కారణమూ ఉంది. కన్నీటిని ఆరనివ్వకుండా కాపాడే నూనె గ్రంథుల నోళ్ళు అక్కడే ఉంటాయి, అక్కడ పెట్టిన రంగు తొందరగా కంట్లోకి దిగుతుంది. కళ్ళు మండి ఎర్రబడితే ఎంత గీసీ లాభం లేదు. పేరూ ఊరూ లేని సుర్మా పొట్లాలు మాత్రం కొనకండి. కొన్ని సుర్మాలు సీసం ఖనిజాన్ని నూరి చేసినవే. పసిపిల్లల కళ్ళకు ఇంటి కాటుకైనా పెట్టొద్దనే పిల్లల డాక్టర్లు చెబుతారు.

ఆ రోజు అవ్వ మంచం మీంచే మేనకోడలి మొహం చూసి, "కుడి కంటికి కాటుక పెట్టడం మర్చినావేమే?" అంది. పెట్టామని చెబితే నమ్మలేదు. ఏ కన్ను పెద్దగా ఉందో చెప్పమన్నాం. చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు చూసి, కుడి వైపే వేలు చూపింది.