ఒక్క ‘స్’ చేసే పని

‘ఊరు, మనుషులు’ అంటే రెండు. ‘ఊరి మనుషులు’ అంటే ఒకటే. కొమ్ము పోయి గుడి వచ్చింది, అంతే. ఊరు విడిగా నిలబడడం మానేసి మనుషుల్ని పట్టుకుంది. ఒక గ్రీకు వచనంలో ఇదే పని ఒక సిగ్మా, అంటే మన ‘స్’, చేసింది.

అది లూకా సువార్త రెండో అధ్యాయం, 14వ వచనం. యేసు పుట్టిన రాత్రి గొర్రెల కాపరులు విన్న దూతల స్తుతి. దాని చివరి మాట కొన్ని రాతప్రతుల్లో ‘యుదొకియా’, మరికొన్నింటిలో ‘యుదొకియాస్’. అర్థం దయ, ఇష్టం. ‘స్’ లేకపోతే ప్రథమా విభక్తి, ఉంటే షష్ఠి.

ఈ వచనంలో క్రియాపదం లేదు. భారమంతా విభక్తులదే. ప్రథమ చదివితే మహిమ, సమాధానం, దయ మూడూ విడివిడి కర్తలు. పైన దేవునికి మహిమ, భూమిమీద సమాధానం, మనుషులపట్ల దయ. వినడానికి హాయిగానే ఉంటుంది. కానీ ‘మరియు’ అనే మాట మహిమకూ సమాధానానికీ మధ్య ఒక్కసారే ఉంది. మూడోది అతుకు లేకుండా వేలాడుతుంది. షష్ఠి చదవండి: దయ మనుషులకు విశేషణమైపోతుంది, వాక్యం రెండు పాళ్లుగా సర్దుకుంటుంది. మహిమకు ఎదురుగా సమాధానం, పైలోకానికి ఎదురుగా భూమి, దేవునికి ఎదురుగా మనుషులు. ఆ ‘మరియు’ సరిగ్గా నడుమ తులాదండంలా నిలుస్తుంది. నాకు ఈ నేతే ముచ్చటేస్తుంది.

మరి ‘స్’ ఎలా పోయింది? ఆనాటి సిగ్మా మన అరసున్నలా ఉండేది. పంక్తి చివర చోటు చాలకపోతే దాన్ని పైన చిన్నగా గీసేవారు. చుక్క అనుకుని వదిలేయడం తేలిక. కావాలని తీసిన చోట్లూ ఉన్నాయి. 4వ శతాబ్దపు సినాయ్ ప్రతిలో మొదటి లేఖకుడు ‘స్’ రాశాడు, తర్వాత దిద్దినవారు తీసేశారు. వాటికన్ ప్రతిలోనూ అదే జరిగింది. 5వ శతాబ్దపు అలెగ్జాండ్రియా ప్రతి ఇంకా తమాషా: సువార్తలో ‘స్’ ఉంది, అదే పుస్తకంలో కీర్తనల వెనక చేర్చిన స్తుతుల్లో లేదు. పాటగా నోళ్లలో నానినప్పుడు సులువైన రూపమే నిలిచిందని నా ఊహ.

షష్ఠికి ఒక చిక్కు మిగిలింది. దయ ఎవరిది? లాటిన్ అనువాదం చదివినవారు చాలామంది మనుషుల సద్బుద్ధి అనుకున్నారు. 1947 నుంచి మృత సముద్రం దగ్గర దొరికిన హీబ్రూ చుట్టల్లో ‘ఆయన ఇష్టానికి చెందినవారు’ అనే తరహా పలుకుబడి కనిపించాక, ఆ దయ దేవునిదేనన్న వాదం బలపడింది.

1611 నాటి ఇంగ్లీషు బైబిలు ప్రథమను పట్టుకుంది. మన ఇళ్లలోని పాత తెలుగు బైబిలు షష్ఠి వైపే ఉంది. ఎవరి ఇష్టమో తెలిసేలా ‘ఆయన’ అన్న మాటను కూడా చేర్చింది. గ్రీకులో ఆ మాట లేదు.